ఎసరు మరిగాక వేడి ఎక్కడికి పోతుంది?

శ్రోతలకు నమస్కారం.

"స్థిర ఉష్ణోగ్రత వద్ద ప్రమాణ ద్రవ్యరాశి గల ద్రవం పూర్తిగా వాయుస్థితిలోకి మారడానికి గ్రహించే ఉష్ణరాశిని ఆ ద్రవపు బాష్పీభవన గుప్తోష్ణం అంటారు." హైస్కూలు భౌతికశాస్త్ర పాఠంలో ఈ నిర్వచనం ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఇందులో తప్పేమీ లేదు. అయితే కాగితం మీద చదివేవాడు తడబడితే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోగలడు, చెవితో వినేవాడికి ఆ వీలు లేదు. పైగా ఇందులో విద్యార్థి ఆశ్చర్యపోవలసిన విషయమంతా "స్థిర ఉష్ణోగ్రత వద్ద" అన్న తొలి మాటల్లోనే ఉంది. అందులో ఆశ్చర్యం ఏముందో అతనికి తెలియకముందే ఆ మాటలు చెవి దాటిపోతాయి.

మంచి ట్యూషన్ మాస్టారు నిర్వచనాన్ని పక్కన పెట్టి ముందు ఒక ప్రశ్న అడుగుతారు. "పొయ్యి మీద ఎసరు సలసల మరుగుతోంది. ఇప్పుడు మంట ఇంకా పెంచితే నీళ్లు ఇంకా వేడెక్కుతాయా?" చాలామంది పిల్లలు అవునంటారు. ఆ జవాబును వెంటనే దిద్దకుండా పలక మీద అలాగే ఉంచాలి. విద్యార్థి ఒక మాట మీద నిలబడ్డాకే థర్మామీటరు చూడడానికి ముందుకు వంగుతాడని నా అనుభవం.

థర్మామీటరు ప్రయోగశాలలో వాడేదై ఉండాలి. జ్వరం చూసేది మరిగే నీళ్లలో పెడితే పగిలిపోతుంది. దాని బుడ్డి గిన్నె అడుగుకు తగలకూడదు, తగిలితే అది నీటి వేడిని కాక లోహపు వేడిని చూపిస్తుంది. అంకె 30 నుంచి మొదలై 60, 80, 95 అని పైకి పోతుంది, తరువాత 100 దగ్గర ఆగిపోతుంది. మంట పెంచినా కదలదు, ఆవిరి మాత్రం జోరుగా లేస్తుంది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదులో అది సుమారు 98 దగ్గరే ఆగుతుంది. ఈ సంగతి ముందే తెలియని మాస్టారు అక్కడ తడబడి, థర్మామీటరుదే లోపమంటారు.

అంకె ఆగిన ఆ క్షణంలో మాస్టారు ఇలా అడగాలి: "పొయ్యి వేడినిస్తూనే ఉంది, నీళ్లు మాత్రం వేడెక్కడం లేదు. మరి ఆ వేడంతా ఏమవుతోంది?" ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు అన్న భేదం ఇక్కడే అవసరమవుతుంది. నీటి అణువులు ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి, ఆ పట్టు విడిపించి వాటిని ఆవిరిగా బయటకు పంపడానికే ఆ వేడి ఖర్చవుతుంది. అది థర్మామీటరుకు కనబడదు కనుక గుప్తోష్ణం అన్నారు. పేరు ఇప్పుడు వచ్చింది, చెప్పవలసిన చోటే వచ్చింది. అయితే "వేడి నీళ్లలో దాక్కుంటుంది" అని మాత్రం అనకూడదు. అలా అంటే గిన్నెలో మిగిలిన నీళ్లలోనే అది ఎక్కడో ఉందని పిల్లలు అనుకుంటారు. నిజానికి అది ఆవిరితోపాటు బయటకు పోయింది.

పరిమాణం కూడా నోటితో చెప్పగలిగేలా ఉండాలి. మంట నిలకడగా ఉండి, 30 డిగ్రీల నీళ్లు 7 నిమిషాల్లో 100కు చేరాయనుకుందాం, అంటే నిమిషానికి 10 డిగ్రీలు. అదే మంట మీద ఆ నీళ్లన్నీ ఆవిరైపోవడానికి ఇంకా 54 నిమిషాలు పడుతుంది. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కేలరీ చాలు, అదే గ్రామును 100 డిగ్రీల దగ్గర ఆవిరి చేయడానికి మాత్రం సుమారు 540 కేలరీలు కావాలి. ఇంట్లో చేస్తే గిన్నె నుంచి గాలిలోకి పోయే వేడి వల్ల లెక్క కొంత తప్పుతుంది. 1762లో గ్లాస్గోలో శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ కూడా ఇలాగే గడియారం పెట్టుకొని కొలిచాడు. ఆయన నీళ్లు మరగడానికి సుమారు 4 నిమిషాలు, అవన్నీ ఇగిరిపోవడానికి మరో 20 నిమిషాలు పట్టింది.

పిల్లవాడికి అర్థమైందో లేదో తెలుసుకోవడానికి నిర్వచనం అప్పజెప్పమనడం పనికిరాదు, బట్టీ పట్టినవాడూ తడుముకోకుండా చెప్పేస్తాడు. "మరిగే నీళ్లు పడితే ఎక్కువ కాలుతుందా, అదే వేడి ఉన్న ఆవిరి తగిలితేనా?" అని అడగాలి. రెండూ 100 డిగ్రీలే కనుక ఒకటే అని అతను అంటే, ఎసరు దగ్గరికే మళ్లీ వెళ్లాలి. గ్రాము నీళ్లు శరీరపు వేడికి, అంటే సుమారు 37 డిగ్రీలకు, చల్లారేలోపు 63 కేలరీలు వదులుతాయి. గ్రాము ఆవిరి మాత్రం చర్మం మీద నీరుగా మారుతూనే 540 వదిలి, ఆపైన ఈ 63 కూడా ఇస్తుంది. ఈ లెక్కను ఎవరూ చెప్పకుండా తానే వేసిన పిల్లవాడికి పుస్తకం తెరిచి ఆ నిర్వచనం చదవమనవచ్చు. "స్థిర ఉష్ణోగ్రత వద్ద" అన్న మాటల దగ్గర ఈసారి అతనే ఆగుతాడు.