బిల్లుందా అమ్మా?

అందరికీ నమస్కారం. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక బట్టల కొట్టు అనుకోండి, సాయంత్రం ఆరున్నర, జనం బాగా ఉన్నారు. ఒకామె వచ్చి కవర్లోంచి వెంకటగిరి చీర తీసి కౌంటర్ మీద పెట్టింది. "ఏందబ్బయ్యా ఇది, ఒక్కసారి నీళ్ళల్లో పెడితేనే అంచు రంగంతా దిగిపోయిందే!" అంది.

ఇది కొట్టులో సేల్స్ కుర్రాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చే వీడియో, అక్కడ ఆగుతుంది. స్క్రీన్ మీద మూడు మాటలొస్తాయి. ట్రైనింగ్‌లో ఉన్న కుర్రాడు వాటిల్లో ఒకటి నొక్కాలి, నొక్కినదాన్ని బట్టి ఆమె జవాబు మారుతుంది, కథ ఇంకో దారి పడుతుంది. నేను ఇట్టాంటి వీడియోలకి స్క్రిప్టులు రాస్తుంటాను, ఈ చీర కథ నాకు చానా ఇష్టం, అందుకే ఇయ్యాల దీన్నే చెప్తా.

మొదటిసారి రాసినప్పుడు తప్పు జవాబుగా "మేమేం చెయ్యలేమమ్మా, పొండి" అని పెట్టాను. ఒక్కరు కూడా నొక్కలా. ఎందుకు నొక్కుతారు, అది తప్పని చూడంగానే తెలిసిపోతుంది గదా! అప్పుడు ఒక కొట్టులో రెండు రోజులు కూర్చొని సేల్స్ వాళ్ళు నిజంగా ఏమంటున్నారో విన్నాను. మంచి పనోళ్ళు, మర్యాదస్తులు, వాళ్ళ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏందంటే, "బిల్లుందా అమ్మా?"

బిల్లు అడగడం తప్పు కాదు, అడగాల్సిందే. కానీ మొదటి మాటగా అడిగితే, ఆమెకి వినపడేది "నువ్వు ఇక్కడ కొన్నావని నేను నమ్మను" అని. అందుకే మొదటి ఎంపిక అదే పెట్టాను. రెండోది "అయ్యో, కొత్తది ఇచ్చేస్తాంలేమ్మా." మూడోది "ఏదీ, ఇట్టా విప్పండమ్మా, ఎక్కడ దిగిందో చూస్తా."

ఎక్కువ మంది నొక్కేది రెండోదే. నొక్కంగానే ఆమె నవ్వుతుంది, కుర్రాడికి హాయిగా ఉంటుంది. నేను అక్కడ "తప్పు" అని రాయను, ఎర్ర గుర్తు వెయ్యను, కథ నడవనిస్తా. రెండు మాటలయ్యాక ఓనర్ వస్తాడు, "ఉతికిన చీర మార్చడం మన దగ్గర లేదమ్మా" అంటాడు. అప్పుడామె ఓనర్ని చూడదు, తిరిగి ఈ కుర్రాడి వంకే చూస్తుంది. "నువ్వే గదా ఇస్తానన్నావు?" అంతే, ఇంకేం అనదు. ఆ చూపు కోసమే నేను ఆ దారంతా రాసింది. ఫలితం వెంటనే వస్తే కుర్రాడు జవాబు గుర్తుపెట్టుకుంటాడు, ఆలస్యంగా వస్తే తన మాట వెనక్కి తిప్పి చూసుకుంటాడు.

ఇక్కడ ఒక చిక్కుంది. మూడు చోట్ల మూడేసి ఎంపికలు పెట్టి ఏ దారికి ఆ దారి విడిగా రాసుకుంటూ పోతే, ఒకటి, మూడు, తొమ్మిది, ఇరవై ఏడు, మొత్తం 40 ముక్కలు షూట్ చెయ్యాలి. ఏ కొట్టూ అంత ఖర్చు పెట్టదు. నేనేం చేస్తానంటే దారుల్ని మళ్ళీ కలిపేస్తా. మొదటి చోట ఏది నొక్కినా ఆ తర్వాత ఆమె రెండే రకాలుగా ఉంటుంది, శాంతంగా ఒకటి, కోపంగా ఒకటి. రెండో చోట మూడు జవాబులకి ఈ రెండు మూడ్‌లు, ఆరు ముక్కలు. మూడో చోట ఇంకో ఆరు. ముగింపులు మూడు. మొదట్లో ఒకటి, దాని జవాబులు మూడు కలుపుకుంటే మొత్తం 19. మరి మాటిచ్చిన సంగతి ఎట్టా గుర్తుంటుందంటే, ప్రోగ్రామ్‌లో "మాటిచ్చాడు" అని ఒక గుర్తు పెట్టి ఉంచుతాం, ముగింపు ఏది రావాలో అది చూసి తేలుతుంది. దారులు కలిసినా ఆ మాట మాత్రం పోదు.

దారులు కలవాలంటే షూటింగ్‌లో ఆమె ప్రతి ముక్కా ఒకే తీరులో మొదలుపెట్టి ఒకే తీరులో ఆపాలి, రెండు చేతులూ చీర మీద, చూపు కుర్రాడి మీద. ఒకసారి మేం ఇది మర్చిపోయాం. ఒక ముక్కలో చీర మడత మీద ఉంది, దాని తర్వాత ముక్కలో విప్పి ఉంది. చూసేవాళ్ళు కస్టమర్ని వదిలేసి చీర గురించి మాట్లాడుకున్నారు. మళ్ళీ తీయాల్సొచ్చింది.

మీరు ఎవరైనా ఇట్టాంటిది రాయబోతే ఒక్క పని చేయండి. కెమెరా తీయకముందే ముక్కలన్నీ చీటీల మీద రాసి, కౌంటర్లో పనిచేసే నలుగుర్ని కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేత విడివిడిగా ఆడించండి. నలుగురూ ఒకే చీటీ తీశారంటే అక్కడ ఎంపిక లేనట్టే, మార్చి రాయాలి. ఎందుకు తీశారో కూడా అడగండి. నన్నడిగితే ఇదే అసలు పని. ఒకసారి నేను అడిగితే ఒకబ్బాయి "అదే పొడుగ్గా ఉందన్నా, అందుకే కరెక్టనుకున్నా" అన్నాడు. చూస్తే నిజమే, సరైన జవాబులన్నీ నేను రెండు లైన్లు రాసి, తప్పువి నాలుగు మాటల్లో తేల్చేశాను. ఆ రాత్రి కూర్చొని అన్నీ ఒకే పొడుగుకి దిద్దాను. మర్నాడు అదే అబ్బాయి "బిల్లుందా అమ్మా" చీటీ తీశాడు, తర్వాత చీటీలో ఆమె జవాబు చదివి, కాసేపు దాన్ని చేతిలోనే పట్టుకొని కూర్చున్నాడు.