కండరంలో ఎముక: ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు తొందరపడాలి

అందరికీ నమస్కారం. ఇక్కడున్నది ఫిజియోథెరపిస్టులు, ఎముకల విభాగంలో కొత్తగా చేరిన వైద్యులు కాబట్టి నేరుగా ఒక రోగితో మొదలుపెడతాను.

19 ఏళ్ల కబడ్డీ ఆటగాడు అనుకోండి. కూతకు వెళ్లినప్పుడు ఎదుటివాడి మోకాలు అతని తొడ ముందు భాగానికి గట్టిగా తగిలింది. తొడ వాచింది, మోకాలు సగానికి మించి వంగడం లేదు. అయిదో రోజు తీసిన ఎక్స్‌రేలో తొడ ఎముక బాగానే ఉంది. ఎముక విరగలేదన్న ధీమాతో ఇంట్లో రోజూ నూనె పెట్టి మర్దన చేశారు, కాలు పట్టుకుని బలవంతంగా వంచారు. మూడో వారానికి వాపు తగ్గాల్సింది పోయి రాయిలాంటి గడ్డ తేలింది. నాలుగో వారం ఎక్స్‌రేలో కండరం మధ్య పలుచని తెల్లని మచ్చలు కనిపించాయి.

ఇది మయోసైటిస్ ఆసిఫికన్స్. దెబ్బకు కండరంలో రక్తం గూడుకట్టి, అక్కడి మూలకణాలు ఎముక కణాలుగా మారడం మొదలైంది. మొదటి రెండు వారాల్లో ఆ మార్పు జరుగుతూనే ఉంటుంది గానీ, సున్నం చేరనందువల్ల ఎక్స్‌రేకు చిక్కదు. అందుకే తొలి ఎక్స్‌రే బాగుందంటే ఎముక విరగలేదని మాత్రమే అర్థం.

అసలు ప్రమాదం నాలుగో వారంలో ఉంది. ఆ దశలో ఎంఆర్‌ఐ తీస్తే గడ్డ చుట్టూ విపరీతమైన వాపు కనిపించి, రిపోర్టులో కణితి అనుమానం రాస్తారు. కంగారుపడి గడ్డ మధ్యలోంచి ముక్క తీసి పరీక్షకు పంపితే ఇంకా ఘోరం. మధ్యలో ఉండేవి వేగంగా విభజన చెందే లేత కణాలు. సూక్ష్మదర్శిని కింద ఎముక క్యాన్సరేమోనని భ్రమ కలిగిస్తాయి. ఇలాంటి రిపోర్టు చూసుకుని కాలు తీసేయాలన్న ఆలోచన దాకా వెళ్లకూడదనే ఇంత చెబుతున్నాను.

మన ఆటగాడి విషయంలో చేయాల్సింది రెండు మూడు వారాలు ఆగి మళ్లీ ఎక్స్‌రే తీయడం. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య గడ్డ అంచు కోడిగుడ్డు పెంకులా తెల్లగా తేలుతుంది, మధ్యభాగం నల్లగానే ఉంటుంది. సీటీలో ఈ పెంకు ఇంకా స్పష్టం. చాలాసార్లు గడ్డకూ తొడ ఎముకకూ నడుమ సన్నని ఖాళీ కూడా ఉంటుంది. ఎముక క్యాన్సర్‌లో వరుస తిరగబడుతుంది: మధ్యభాగం గట్టిపడి, అంచులు లేతగా ఉంటాయి. అయితే దెబ్బ తగిలిన గుర్తే లేకపోయినా, నొప్పి వారం వారం పెరుగుతున్నా, లోపలి ఎముక దెబ్బతిన్నట్టు కనిపించినా ఆగకండి. ముక్క మీరు తీయకుండా కణితుల నిపుణుల దగ్గరికి పంపండి.

నివారణ మొదటి రోజే మొదలవ్వాలి. తొడకు గట్టి దెబ్బ తగిలితే మోకాలిని సుమారు 120 డిగ్రీలు వంచి, కట్టుతో అలాగే ఉంచి, మొదటి 24 గంటలు ఐసు పెడతారు. కండరం సాగి ఉండటంతో రక్తం చేరే చోటు తగ్గుతుంది. తర్వాత రోగి తన శక్తితో, నొప్పి మేరకు కదిలించుకోవాలి. మర్దన వద్దు, ఇతరులు పట్టుకుని వంచడం వద్దు. మోచేయి తొలగినప్పుడు మన ఊళ్లలో వెంటనే మర్దనకు తీసుకెళ్లే అలవాటు ఉంది; అక్కడ కూడా ఇదే కథ నడుస్తుంది.

తుంటి శస్త్రచికిత్స తర్వాత వచ్చే హెటెరోటోపిక్ ఆసిఫికేషన్‌ది కూడా ఇదే గడియారం. కానీ మన పని తలకిందులవుతుంది. ఎముక ఎక్స్‌రేలో కనిపించేది కొన్ని వారాలకు; ఆపగలిగేది మొదటి 72 గంటల్లోనే. అందుకని ఎవరికి రావచ్చో ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి. రెండో తుంటిలో ఇంతకుముందు వచ్చినవారు, ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్ ఉన్నవారు, తలకో వెన్నుపాముకో గాయమైనవారు, తుంటి గిన్నె విరిగి వెనుక వైపు నుంచి ఆపరేషన్ చేయించుకున్నవారు ముందు వరుసలో ఉంటారు.

దారులు రెండు. ఇండోమెథాసిన్ 25 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, సాధారణంగా ఆరు వారాలు. పుండు, కిడ్నీ సమస్య ఉన్నవారికీ, రక్తం పలుచబడే మందు వాడుతున్నవారికీ ఇది ఇబ్బందే. వేరే పొడవాటి ఎముక కూడా విరిగి ఉంటే అది అతకడం కష్టమవుతుంది. రెండోది రేడియేషన్: 7 లేదా 8 గ్రే, ఒకే విడత, ఆపరేషన్‌కు ముందు 24 గంటల్లోపో తర్వాత 72 గంటల్లోపో. లీనియర్ యాక్సిలరేటర్ లేని ఆసుపత్రిలో ఇది కాగితం మీది సలహాగానే మిగులుతుంది. యువ రోగుల్లో అయితే నేను మందువైపే మొగ్గుతాను.

ఎక్స్‌రేలో ఎముక కనిపించిందని రోగిని భయపెట్టనక్కర్లేదు. బ్రూకర్ వర్గీకరణలో ఒకటి, రెండు శ్రేణుల్లో చాలామందికి ఇబ్బందే ఉండదు. తొడ ఎముకకూ కటి ఎముకకూ మధ్య ఖాళీ ఒక సెంటీమీటరు కన్నా తగ్గితే మూడో శ్రేణి, రెండూ అతుక్కుపోయినట్టు కనిపిస్తే నాలుగు. అప్పుడు కదలిక నిజంగా పోతుంది. తీయాల్సి వస్తే గడ్డ అంచులు స్పష్టంగా తేలి, వరుస ఎక్స్‌రేల్లో మార్పు ఆగేదాకా వేచి చూడాలి. సాధారణంగా ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తీసిన రోజు నుంచి 72 గంటల లెక్క మళ్లీ మొదలవుతుంది కాబట్టి మందో రేడియేషనో ఆ ఆపరేషన్‌కూ ముందే ఏర్పాటు చేసుకోవాలి.