తొంభై ఆరు బావులు, ఇరవై ఒక్క బావుల బలం: కోనసీమ నూతి నీటి ఉప్పదనంపై పరిశోధన సమర్పణ ప్రసంగం

అధ్యక్షులకు, పరీక్షకులకు, మా గైడు గారికి నమస్కారం.

మీలో ఒకరు ఆర్థికశాస్త్రం నుంచి, ఒకరు వృక్షశాస్త్రం నుంచి, ఒకరు సివిల్ ఇంజనీరింగు నుంచి వచ్చారు కాబట్టి, సిద్ధాంత గ్రంథంలోని సమీకరణాలను పక్కనపెట్టి, అందులో తేలిన రెండు ముఖ్యమైన అంకెలు ఏమిటో, వాటిని ఎంతవరకు నమ్మవచ్చో, ఎక్కడ నమ్మకూడదో చెప్పడానికి ఈ ఇరవై నిమిషాలు వాడుకుంటాను.

గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్న మధ్య డెల్టాలో, సముద్రపు ఒడ్డు నుంచి లోపలికి, పన్నెండు ఊళ్లు ఎంచుకున్నాను. ఊరికి ఎనిమిది చొప్పున వాడుకలో ఉన్న ఒరల బావులు తొంభై ఆరింటిలో నీటి ఉప్పదనాన్ని రెండుసార్లు కొలిచాను. దాళ్వా కోతల వేళ కాలువలు కట్టేయడానికి ముందు ఒకసారి, మళ్లీ సార్వాకు నీళ్లు వదలడానికి కొద్ది రోజుల ముందు ఒకసారి. కొలిచింది విద్యుత్ వాహకతను. నీటిలో ఉప్పు ఎంత ఎక్కువగా కరిగి ఉంటే కరెంటు అంత తేలిగ్గా ప్రవహిస్తుంది. దాన్ని సెంటీమీటరుకు మైక్రోసీమెన్స్ లెక్కన చెబుతారు. సముద్రపు నీరు సుమారు 50,000 చూపిస్తుంది. తాగే నీటిలో కరిగిన లవణాలు, వేరే దిక్కు లేని చోట, లీటరుకు 2,000 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చని మన దేశ ప్రమాణం. అది మీటరు మీద దాదాపు 3,000 అవుతుంది. ఇకపై "మూడు వేల గీత" అన్నప్పుడల్లా మీరు దీన్ని గుర్తుంచుకుంటే చాలు. రోజూ పొద్దున్నే 1,413 చూపించవలసిన ప్రామాణిక ద్రావణంలో మీటరును ముంచి సరిచూసుకున్న తరువాతే ఊళ్లోకి వెళ్లేదాన్ని.

మొదటి ఫలితం ఇది. కాలువలు మూసిన కాలం చివరికి ఈ బావుల్లో వాహకత మామూలుగా 1.35 రెట్లయింది, అంటే 35 శాతం పెరిగింది. పెరుగుదలను తేడాగా కాక రెట్లలో చెప్పడానికి కారణం ఉంది: 800 ఉన్న బావి 280 పెరిగినా, 4,000 ఉన్న బావి 1,400 పెరిగినా జరిగిన పని ఒకటే, అయితే తేడాలను సగటు చేస్తే ఉప్పు బావులే మొత్తం లెక్కను తమవైపు లాగేసుకుంటాయి.

ఈ 35 శాతానికి అటూ ఇటూ ఎంత సందేహం ఉంది అన్నదే నా పరిశోధనలో ఎక్కువ కాలం తిన్న ప్రశ్న. తొంభై ఆరు బావులనూ తొంభై ఆరు విడివిడి సాక్షులుగా లెక్కిస్తే, 95 శాతం విశ్వాస అంతరం 22 నుంచి 49 శాతం దాకా వస్తుంది. నిజం చెప్పాలంటే మొదటి ఏడాది నివేదికలో నేను ఇచ్చింది ఆ అంకెలే, అవి చూసి మురిసిపోయాను కూడా. కానీ అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చూస్తాం గాని, ఒకే కుండలోంచి ఎనిమిది మెతుకులు పట్టుకుని ఎనిమిది కుండలు చూశామని చెప్పుకోం. ఒక ఊళ్లోని బావులు ఒకే ఇసుక దిబ్బ మీదో, ఒకే డ్రెయిన్ పక్కనో ఉంటాయి, ఒకే పంట కాలువ ఊట వాటికి ఆధారం. అందుకని ఒక బావి సంగతి తెలిస్తే పక్కదాని సంగతి చాలావరకు తెలిసిపోతుంది.

ఈ పోలిక ఎంతో డేటా నుంచే లెక్కకట్టవచ్చు. బావుల మధ్య కనిపించే మొత్తం వైవిధ్యంలో ఊరికీ ఊరికీ మధ్య తేడా వల్ల వచ్చే వాటా నాకు 0.5 వచ్చింది. ఊరికి ఎనిమిది బావులు కాబట్టి సందేహాన్ని పెంచే గుణకం 1 + (8 − 1) × 0.5, అంటే 4.5. తొంభై ఆరును 4.5తో భాగిస్తే మిగిలేది ఇరవై ఒకటి. నేను తొంభై ఆరు బావుల్లో చేద వేశాను గాని, నా చేతికి దక్కింది ఇరవై ఒక్క విడి బావుల సమాచారమే. పైగా ఊళ్లు పన్నెండే కావడంతో ఆ కొరతనూ లెక్కలోకి తీసుకుంటే, విశ్వాస అంతరం 6 నుంచి 71 శాతం దాకా విస్తరిస్తుంది. పెరిగిందన్న మాట నిలుస్తుంది. ఎంత పెరిగిందన్నది మాత్రం కొంచెమో చాలానో తేల్చలేనంత వెడల్పుగా ఉంది. ఊరికి ఎనిమిది బదులు నాలుగు బావులే కొలిచి, ఊళ్లను ఇరవై నాలుగు చేసి ఉంటే అదే శ్రమకు అంతరం బాగా ఇరుకయ్యేది. ప్రయాణానికి బద్ధకించి ఒకే ఊళ్లో రోజంతా గడిపిన ఫలితం ఇది.

ఇదే ఫలితానికి మరో లోపం ఉంది, దాన్ని నాకు చూపించింది ఒక చేద. ఒరల బావిలో నీరు పైనుంచి కిందికి ఒకేలా ఉండదు. మంచి నీరు తేలిక కాబట్టి పైన నిలుస్తుంది, ఉప్పు నీరు బరువు కాబట్టి అడుగున ఉంటుంది. ఒక బావిలో సీసాకు రాయి కట్టి దింపితే పైన 1,600, అడుగున 4,300 వచ్చింది. కాలువలు కట్టేసిన తరువాత నీటి మట్టం దిగిపోతుంది, చేద అడుగుకు దగ్గరవుతుంది. అంటే నీటిలో ఏ మార్పూ లేకపోయినా చేదలోకి వచ్చే నీరు ఉప్పగా మారవచ్చు. ఇది గ్రహించేసరికి సగం బావులకు మొదటి కొలత అయిపోయింది. మిగిలిన వాటిలో రెండు ఊళ్లకు చెందిన పది బావుల్లో మాత్రమే రెండుసార్లూ అడుగు నుంచి అదే ఎత్తులో నీరు తీయగలిగాను. ఆ పదింటిలో చేద లెక్కన పెరుగుదల 38 శాతం, స్థిరమైన ఎత్తులో 17 శాతం. అంటే మనకు కనిపించే పెరుగుదలలో సుమారు సగం చేద దిగిన లోతు వల్ల వచ్చినదే కావచ్చు. పది బావుల మాటను తొంభై ఆరింటికి అంటగట్టలేను గనుక ప్రధాన పట్టికను సవరించలేదు, దాని కిందనే ఈ సంగతి రాశాను. అయితే తాగేవారికి చేదలో వచ్చే నీరే ముఖ్యం కాబట్టి, ఆరోగ్యం దృష్టితో చదివేవారికి 35 శాతమే సరైన అంకె, భూగర్భజల దృష్టితో చదివేవారికి కాదు.

ఇక కారణం మాట. కాలువలు మూసే కాలమే ఎండాకాలం. వాన ఉండదు, ఆవిరి ఎక్కువ, మోటార్ల వాడకమూ ఎక్కువ. వీటిని విడదీయడానికి కాలువ లేని ఊళ్లను పోల్చి చూడాలి, డెల్టాలో అలాంటివి నాకు దొరకలేదు. మొదటి ప్రతిలో "కాలువల మూత వల్ల" అని రాస్తే మా గైడు గారు "వల్ల" కొట్టేసి "నాటికి" అని దిద్దారు. ఆ ఒక్క మాటను సమర్థించుకోవడమే ఈ అధ్యాయానికి నేను చేయగలిగిన న్యాయం.

రెండో ఫలితం రొయ్యల చెరువుల గురించి. దీన్ని ఎక్కువమంది అడుగుతారని తెలుసు, అందుకే జాగ్రత్తగా చెబుతాను. చెరువుకు రెండు వందల మీటర్ల లోపు ఉన్న బావులు, దూరంగా ఉన్నవాటికంటే 1.9 రెట్లు ఉప్పగా ఉన్నాయి. పత్రికకు ఇదొక శీర్షిక అవుతుంది. కానీ చెరువులు ఎక్కడ తవ్వుతారు? ఉప్పుటేటికి దగ్గరగా, వరి ముందే దెబ్బతిన్న చవుడు భూముల్లో. ఉప్పదనం ముందు వచ్చి చెరువు తరువాత వచ్చిన చోట, చెరువును దోషిగా చూపడం తారుమారు లెక్క. అందుకని ఒకే ఊళ్లో, ఉప్పుటేటికి ఒకే దూరంలో ఉన్న బావులను మాత్రమే పోల్చి చూస్తే 1.9 కాస్తా 1.2కు దిగింది, అంతరం 0.8 నుంచి 1.8 దాకా ఉంది. ఒక రెట్టు అంటే తేడా లేనట్టే, అదీ అందులోనే ఉంది కాబట్టి "ప్రభావం ఉంది" అనలేను. 1.8 కూడా అందులోనే ఉంది కాబట్టి "చెరువులు నిర్దోషులు" అనీ అనలేను. చెరువు తవ్వక ముందు, తవ్విన తరువాత ఒకే బావిని కొలిస్తే తప్ప ఈ ప్రశ్న తెగదు.

చివరిగా, నేను కొలవని బావుల గురించి. సముద్రం వైపు చిట్టచివరి ఊళ్లో వాడుకలో ఉన్న బావులు సరిగ్గా ఎనిమిదే. వాటిలో మూడు మూడు వేల గీత దాటాయి, అంటే 38 శాతం. ఒక ఇంటి పెరట్లో నూతి మీద సిమెంటు బిళ్ల వేసి, దాని మీద తులసి కుండీ పెట్టి ఉంది. ఈ నుయ్యి ఎప్పుడు మూశారండీ అని అడిగితే ఆ ఇంటి మామ్మగారు, "మా రెండో కోడలు కాపురానికొచ్చిన ఏడాది నుంచి ఆ నీళ్లతో కందిపప్పు ఉడకడం మానేసిందమ్మా, ఎవరు తాగుతారు, మూసేశాం" అన్నారు. పప్పు ఉడకకపోవడం కాల్షియం, మెగ్నీషియం లవణాలు పెరిగిన గుర్తు. ఉప్పు నీరు చేరిన నేలలో ఇవి కూడా పెరుగుతాయి, కనుక ఆమె పరీక్ష నా మీటరు కంటే తక్కువదేమీ కాదు.

ఆ మాట విన్నాక ఇల్లిల్లూ తిరిగి అడిగితే ఆ ఊళ్లో తొమ్మిది మూతపడిన బావులు తేలాయి. ఏడింటికి కారణం నీరు ఉప్పబడడమే అన్నారు, రెండింటికి కొళాయి రావడం అన్నారు. ఆ మాటను నమ్మి లెక్కిస్తే పదిహేడు బావుల్లో పది, అంటే 59 శాతం గీత దాటాయి. మనుషుల జ్ఞాపకాన్ని బొత్తిగా నమ్మకుండా తొమ్మిదీ మంచివే అనుకుంటే 18 శాతం, తొమ్మిదీ ఉప్పువే అనుకుంటే 71 శాతం. నా ప్రధాన పట్టికలోని 38 శాతం, బతికి ఉన్న బావులను మాత్రమే చూసిన అంకె. లోపలి ఊళ్లలో మూసిన బావులు తక్కువగా, సముద్రం వైపు ఎక్కువగా కనిపించాయి గనుక, ఒడ్డుకూ లోపలికీ మధ్య ఉప్పదనంలో నేను చూపిన తేడా అసలు తేడా కంటే తక్కువే అయి ఉండాలి. ఎంత తక్కువ అన్నది ఈ డేటా చెప్పదు. మిగతా పదకొండు ఊళ్లలో మూసిన బావులను నేను దారిలో కనబడినప్పుడు రాసుకున్నానే గాని, ఇల్లిల్లూ తిరిగి లెక్కించలేదు.