ఆఫర్ లెటర్‌లో జీతం కాదు, ప్రొబేషన్ లైన్ చదవండి!

“అన్నా, ఆటోనగర్‌లో జూనియర్ ఇంజనీర్‌గా ఆఫర్ వచ్చింది. ఏడాదికి 3,60,000. ప్రొబేషన్ ఆరు నెలలే. సంతకం పెట్టేయొచ్చా?”

ఆగు తమ్ముడూ! పెన్ను కింద పెట్టు.

జీతం సంగతి త్వరగా తేల్చేద్దాం. నెలకి 30,000 అనుకుంటున్నావు కదా? నువ్వు పంపిన లెటర్ వెనక పేజీ చూడు. అందులో కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ 721, ఏడాది చివర ఇస్తే ఇచ్చే వేరియబుల్ 2,500 కలిసి ఉన్నాయి. అవి పోతే నెల గ్రాస్ 24,979. మళ్లీ నీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతాయి. నీ చేతికి వచ్చేది 22,979. గాజువాకలో రూమ్ అద్దె ఈ లెక్క మీద చూసుకో.

కానీ నాకు ఒళ్లు మండింది ఇక్కడ కాదు. ఏడో పాయింట్ దగ్గర! “రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసే వరకు ప్రొబేషన్ కొనసాగుతుంది” అని రాశారు. అంటే ఆరు నెలలు అన్న మాటకి విలువే లేదు. జులై 1న చేరావు, డిసెంబర్ 31తో ఆరు నెలలు అయిపోయాయి, కన్ఫర్మేషన్ లెటర్ రాలేదు. జనవరిలో నువ్వు పర్మనెంట్ అనుకుంటావు. కాగితం ప్రకారం కాదు!

నాకు ఇదే జరిగింది. అగనంపూడి వైపు ఒక కంపెనీలో చేరిన తొమ్మిదో నెలలో పిలిచి, రేపటి నుంచి రావద్దన్నారు. నోటీస్ జీతం అడిగితే, “నువ్వింకా ప్రొబేషన్‌లోనే ఉన్నావు బాబూ” అన్నారు. ఆ రోజు ఎన్ఏడీ జంక్షన్‌లో బస్సు దిగి, ఇంట్లో ఏం చెప్పాలో తెలియక గంటసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇప్పుడు దీనితో కలిపి తొమ్మిదో పాయింట్ కూడా చదువు. ప్రొబేషన్‌లో కంపెనీ నిన్ను నోటీస్ లేకుండా తీసేయొచ్చు. నువ్వు మానేయాలంటే మాత్రం 60 రోజులు ఆగాలి, లేదా రెండు నెలల గ్రాస్ కట్టాలి. అంటే దాదాపు 50,000! నా అనుమానం ఒకటే: కన్ఫర్మేషన్ లెటర్ మర్చిపోవడం లేదు, కావాలనే ఆపుతున్నారు.

దీనికి మందు ఒక్క వాక్యం. “ప్రొబేషన్‌ను ఒక్కసారి, గరిష్ఠంగా మూడు నెలలు మాత్రమే పొడిగిస్తారు, ఆ తర్వాత కన్ఫర్మ్ అయినట్టే” అని చేర్చమని అడుగు. గరిష్ఠ గడువు ఎందుకంత ముఖ్యమంటే, 1968లో పంజాబ్ టీచర్ల కేసులో సుప్రీంకోర్టు తేడా చూసింది అక్కడే. రూల్స్‌లో గరిష్ఠ గడువు ఉంది, అది దాటాక కూడా ఉద్యోగంలో ఉంచారు, కాబట్టి కన్ఫర్మ్ చేసినట్టే అంది. అది సర్కారు ఉద్యోగాల కేసు, ప్రైవేటు కంపెనీలో నీకు బలం నీ లెటర్‌లో ఉన్న మాటే. అందుకే ఆ మాట లెటర్‌లోకి ఎక్కాలి.

నోటీస్ కూడా ప్రొబేషన్‌లో ఇద్దరికీ 15 రోజులని అడుగు. హెచ్ఆర్ ఫోన్‌లో “అలాగేలెండి” అంటే సరిపోదు. మెయిల్ పెట్టు, మార్చిన లెటర్ పీడీఎఫ్ మళ్లీ తెప్పించుకో, ఏడో పాయింట్ మారిందో లేదో చూశాకే సంతకం పెట్టు.