ఆఖరి మాట తెగకుండా: కత్తిరింపు మెయిలు ఎలా రాయాలి

వేదిక మీదున్న పెద్దలకు, భీమవరం, పాలకొల్లు, నరసాపురం నుంచి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. ఎడిటింగులో కొత్త పోకడల గురించి మాట్లాడమన్నారు. దానికన్నా ముందు ఒక మెయిలు గురించి చెప్పాలి.

రొయ్యలు ఎగుమతి చేసే ఒక సంస్థ అధికారి ఇంటర్వ్యూ అది. పాలకొల్లులో ఇంట్లో కూర్చుని పనిచేసే కుర్రాడికి మెయిలు వచ్చింది: "3:19 నుంచి 3:43 వరకు కట్ చేయండి." అంతే. ఏ ఫైలో లేదు, మొదటి మాట ఏమిటో లేదు. అతను ఆ ముక్కను అలాగే కత్తిరించి ఇచ్చాడు. అధికారి అన్నది, "యాంటీబయాటిక్స్ వాడిన సరుకు మేము కొన్నది లేదు" అని. "కొన్నది" అన్నాక ఆయన కాస్త ఆగారు. "లేదు" తెగిపోయింది. ఆ అవశేషాలు కనిపిస్తే విదేశాల్లో సరుకు తిప్పి పంపే వ్యాపారంలో అది ఎంత మాటో మన జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. తెలుగులో కాదనడం సాధారణంగా వాక్యం చివరే ఉంటుంది. మన భాషలో ఆఖరి సెకను మీద చెయ్యి వేసేవాడు భయపడాలి!

తిట్లు కుర్రాడికే పడ్డాయి. డబ్బూ ఆపారు. నాకు ఇప్పటికీ కోపం అందుకే.

ఆ ముక్క చూడగానే కారణం తెలిసిపోతుంది. మొదట్లో ప్రశ్న అడిగినవారి గొంతు తోక వినిపిస్తోంది, చివర జవాబు తెగింది. రెండు కొసలూ ఒకే వైపు జరిగాయంటే, అంకెలు వేరే కాపీలోవి. మెయిలు రాసినవారు ఫోనులో చూసిన కాపీకి ముందు ఒక సెకను ఎవరో కోసేశారు. కుర్రాడి దగ్గరున్నది అసలు ఫైలు. రెండు కొసలూ లోపలికి తెగి ఉంటే మాత్రం, ఫ్రేములు వదిలేసి దగ్గరి సెకనుకు సర్దేశారేమో చూడాలి.

అందుకే కాపీలోని గడియారం కాదు, కెమెరా ఫైలులో రాసిన టైమ్‌కోడ్ ఇవ్వాలి. ఆ మెయిలు ఇలా ఉండవలసింది:

```
C0012.MP4  25 fps
IN   10:45:36:10
OUT  10:46:00:05
నిడివి  00:00:23:20
```

కింద మొదటి మాటలు, ఆఖరి మాట "లేదు" అని రాయాలి. చివరి రెండంకెలు ఫ్రేములు. సెకనుకు ఇరవై అయిదు కాబట్టి అవి 24 దాటవు. నిడివి ఎందుకంటారా? అంకె తప్పుగా టైపు చేస్తే తీసివేతలో దొరికిపోతుంది. ఇక OUT ఫ్రేము లెక్కలోకి వస్తుందా రాదా అన్నది సాఫ్ట్‌వేరును బట్టి మారుతుంది. నిడివి ఒక ఫ్రేము తేడా వస్తే గాభరా పడకండి, ఆఖరి మాట పూర్తిగా వినిపిస్తోందో లేదో చూడండి.

ఫోనులో వచ్చిన కాపీకి ఈ టైమ్‌కోడ్ చాలాసార్లు పోతుంది, సున్నా నుంచి మొదలవుతుంది. మెయిలులో పది గంటలని ఉండి మీ తెర మీద మూడు నిమిషాలని ఉంటే, కత్తెర పట్టవద్దు. అసలు ఫైలు అడగండి.

కొత్త పోకడలు మధ్యాహ్నం చూద్దాం. మీలో ఎవరి ఫోనులోనైనా "సుమారుగా ఇక్కడి నుంచి" అని వచ్చిన మెయిలు ఉందా? ఉంటే పంపినవారి పేరు కనపడకుండా ముందుకు తీసుకురండి. ఇక్కడే తెర మీద పెట్టి, తిరిగి ఏమేమి అడగాలో కలిసి రాద్దాం.