టోటల్ కౌంట్ నార్మల్, స్మియర్ మాత్రం కాదు

అందరికీ నమస్కారం. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చునేవాళ్లూ, వార్డులో ఆ రిపోర్టు చదివేవాళ్లూ ఇద్దరూ ఇక్కడ ఉన్నారు కాబట్టి ఒకే ఒక్క కేసు పట్టుకుని మాట్లాడతాను. ఇది బోధన కోసం కల్పించిన కేసు. కానీ ఇలాంటివి మీలో చాలామంది చూసే ఉంటారు.

58 ఏళ్ల స్త్రీ. రెండు రోజులుగా చలిజ్వరం, కుడి నడుము పక్కన నొప్పి. ఈ పొద్దున్నుంచి కాస్త మగతగా ఉంది. బీపీ 94/60. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 11.4, ప్లేట్‌లెట్లు 1,12,000, తెల్లకణాల టోటల్ కౌంట్ 6,200. మెషీన్ ఇచ్చిన డిఫరెన్షియల్‌లో న్యూట్రోఫిల్స్ 82 శాతం. టోటల్ కౌంట్ అంకె చూసి డ్యూటీ డాక్టరు 'వైరల్ అయ్యుండొచ్చు' అనుకునే ప్రమాదం ఉంది. 4,000కీ 11,000కీ మధ్య పడిన అంకె ఎవరినీ కంగారుపెట్టదు.

ఇప్పుడు స్మియర్ చూద్దాం. ఆయిల్ ఇమ్మర్షన్‌లో నూరు కణాలు లెక్కపెడితే సెగ్మెంటెడ్ న్యూట్రోఫిల్స్ 38, బ్యాండ్లు 34, మెటామైలోసైట్లు 8, మైలోసైట్లు 2, లింఫోసైట్లు 12, మోనోసైట్లు 6. మెషీన్ చెప్పిన 82 తప్పేమీ కాదు. 38, 34, 8, 2 కలిపితే అదే 82. కానీ ఆ 82లో 44 ఇంకా ముదరని కణాలు. అంటే సగానికి మించి. టోటల్ కౌంట్‌కి తెలియనిది ఇదే.

ఇలా ఎందుకు జరుగుతుందో కాస్త నింపాదిగా చెప్పుకోవాలి. మూలుగలో న్యూట్రోఫిల్ మైలోసైట్ దశ దాకా విభజన చెందుతూ సంఖ్య పెంచుకుంటుంది. ఆ తర్వాత విభజన ఆగిపోతుంది. మెటామైలోసైట్, బ్యాండ్, సెగ్మెంటెడ్ అనే మూడు దశల్లో కేంద్రకం ముందు నొక్కుకుపోయి, తర్వాత లాడం ఆకారానికి వచ్చి, చివరికి సన్నని దారంతో కలిసిన తమ్మెలుగా విడిపోతుంది. మామూలు రోజుల్లో ఈ చివరి భాగానికి ఐదారు రోజులు పడుతుంది. ముదిరిన కణాలు మూలుగలోనే నిల్వగా ఉంటాయి. రక్తంలోకి వచ్చాక వాటి ప్రయాణం కొన్ని గంటలే, ఆపైన కణజాలంలోకి వెళ్లిపోతాయి.

తీవ్రమైన బాక్టీరియా ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ముందు ఆ నిల్వ బయటికి వస్తుంది. అందుకే మొదట్లో చాలామందికి కౌంట్ పెరుగుతుంది. కణజాలంలో ఖర్చు మూలుగ ఉత్పత్తిని మించిపోతే ముదిరినవి అయిపోయి బ్యాండ్లు వస్తాయి, ఆ వెనక మెటామైలోసైట్లు. ఇంకా కష్టమైతే మైలోసైట్లు కూడా కనిపిస్తాయి. ఇలా ముదరని కణాలు రక్తంలోకి రావడాన్నే లెఫ్ట్ షిఫ్ట్ అంటాం. గాదె ఖాళీ అయ్యాక విత్తనాలకి దాచిన గింజలు తీసి తినడం లాంటిది ఇది, ఎందుకంటే మైలోసైట్ ఇంకా విభజన చెంది పెరగాల్సిన కణం. ఈ దశలో రక్తంలో తీసిన కౌంట్ ఎక్కువగా ఉండొచ్చు, తక్కువగా ఉండొచ్చు, పైకెళ్తూనో కిందికి దిగుతూనో ఉండగా సరిగ్గా 6,200 దగ్గర కూడా దొరకొచ్చు. మన కేసులో దొరికింది అదే. కౌంట్ మామూలుగా లేదా తక్కువగా ఉండి, ముదరని కణాలు ముదిరినవాటిని దాటిపోతే దాన్ని ఎక్కువ కౌంట్‌తో వచ్చే లెఫ్ట్ షిఫ్ట్ కంటే చెడ్డ సూచనగా తీసుకోవాలి. 1992లో సెప్సిస్‌ని గుర్తించడానికి సిర్స్ ప్రమాణాలు రాసినప్పుడు 12,000కి పైన, 4,000కి లోపు అనే అంకెల పక్కనే 10 శాతానికి మించిన బ్యాండ్లను కూడా పెట్టడానికి కారణం ఇదే. 2016లో సెప్సిస్ నిర్వచనం మారి ఆ ప్రమాణాలు పక్కకి వెళ్లాయి. కణాల ప్రవర్తన మాత్రం మారలేదు కదా.

మెషీన్ గురించి ఒక మాట. కొత్త అనలైజర్లు ఐజీ శాతం, అంటే ఇమ్మెచ్యూర్ గ్రాన్యులోసైట్ల శాతం అని ఒకటి ఇస్తాయి. దాన్ని బ్యాండ్ల లెక్క అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. అందులో ప్రోమైలోసైట్లు, మైలోసైట్లు, మెటామైలోసైట్లు మాత్రమే ఉంటాయి, బ్యాండ్లు ఉండవు. మన కేసులో ఐజీ సుమారు 10 శాతం వస్తుంది. బ్యాండ్ల 34 శాతం న్యూట్రోఫిల్ అంకెలోనే దాక్కుంటుంది.

అలాగని బ్యాండ్ల అంకెను మరీ నమ్మకండి. ఒకే స్లైడ్‌ని ఇద్దరికిస్తే ఇద్దరూ వేరే అంకె చెబుతారు. కేంద్రకం రెండు తమ్మెల మధ్య సన్నని దారంగా మారితే సెగ్మెంటెడ్, ఆ వంతెనలో క్రోమాటిన్ ఇంకా కనిపిస్తుంటే బ్యాండ్ అని నియమం చెప్పుకుంటాం. కానీ కేంద్రకం మడత పడి ఉంటే ఎవరి కన్ను వారిది. దాని మీద లెక్కపెట్టడంలోని అదృష్టం ఒకటి. నూరు కణాల్లో 10 బ్యాండ్లు దొరికితే అసలు శాతం సుమారు 5 నుంచి 18 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. నిన్న 8, ఇవాళ 12 అయితే 'పెరిగింది' అనడానికి లేదు. 34 అయితే వాదన అక్కర్లేదు. అంతర్జాతీయ హెమటాలజీ ప్రమాణాల సంస్థ ఐసీఎస్‌హెచ్ 2015లో ఇచ్చిన సలహా కూడా ఈ ధోరణిలోనే ఉంది: బ్యాండ్లను సెగ్మెంటెడ్‌తో కలిపి లెక్కించి, ఎక్కువగా ఉంటే ఆ సంగతి వ్యాఖ్యగా రాయమంది. నాకు ఆ సలహా నచ్చుతుంది. కానీ ఆ వ్యాఖ్య రాయడం మర్చిపోతే మాత్రం రోగికి నష్టం.

అందుకే కేంద్రకం దగ్గర ఆగకుండా సైటోప్లాజం చూడాలి. మన స్లైడ్‌లో చాలా న్యూట్రోఫిల్స్‌లో ముదురు ఊదా రంగు ముతక రేణువులు ఉన్నాయి. ఇదే టాక్సిక్ గ్రాన్యులేషన్. పేరు చూసి బాక్టీరియా విషం కణంలోకి చేరిందనుకోకూడదు. ఇవి ప్రోమైలోసైట్ దశలో తయారయ్యే ప్రాథమిక రేణువులే. తీరిగ్గా ముదిరిన కణంలో ఇవి రంగు పట్టడం మానేస్తాయి. మూలుగలో తొందరపెట్టి బయటికి తోసిన కణంలో ఆ మార్పు జరగక రంగు అలాగే నిలిచిపోతుంది. కణం అంచుల దగ్గర లేత నీలి బూడిద రంగు మచ్చలు కనిపిస్తే అవి డోలే బాడీలు. 1911లో స్కార్లెట్ జ్వరం రోగుల్లో డోలే వర్ణించినవి. ఇవి రైబోజోములున్న ఎండోప్లాస్మిక్ రెటిక్యులం ముక్కలు. ఇవీ తొందరకి గుర్తులే. ఈ రెండూ మూలుగ ఎంత ఒత్తిడిలో ఉందో చెబుతాయి, ఎందుకు ఉందో చెప్పవు. కాలిన గాయాలు, పెద్ద ఆపరేషన్, గర్భం, న్యూట్రోఫిల్స్ పెంచడానికి ఇచ్చే జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్ కూడా ఇదే బొమ్మ ఇవ్వగలవు. జీ-సీఎస్‌ఎఫ్ తీసుకున్న రోగి స్మియర్ అయితే సెప్సిస్‌కీ దీనికీ తేడా చెప్పడం కష్టం. మందుల చీటీ అడగకుండా రిపోర్టు రాయకండి.

వాక్యూయోల్స్ కథ వేరు. తాజా రక్తంలో న్యూట్రోఫిల్ సైటోప్లాజంలో ఖాళీ గుంతలు కనిపిస్తే, ఆ కణం దేన్నో మింగి జీర్ణం చేసుకునే పనిలో ఉందని అర్థం. తొందరగా ముదరడం కాదు, పోరాటం ఇప్పటికే మొదలైంది. అందుకే నా లెక్కలో టాక్సిక్ గ్రాన్యులేషన్ సులువుగా కనిపించే సూచన, వాక్యూయోల్స్ బరువైన సూచన. మన స్లైడ్‌లో ప్రతి నాలుగు న్యూట్రోఫిల్స్‌లో ఒకదానికి ఇవి ఉన్నాయి. ఇలాంటి చోట కాస్త ఓపిగ్గా, ముఖ్యంగా స్మియర్ అంచుల వెంట, కణం లోపల బాక్టీరియా ఉందేమో వెతకండి. అరుదుగానే దొరుకుతుంది, దొరికితే కల్చర్ కోసం ఆగకుండా ఫోన్ చేయాలి. మరక రేణువుని బాక్టీరియా అనుకోకుండా అది కణంతోపాటు అదే ఫోకస్‌లో ఉందో లేదో చూసుకోండి.

కానీ ఈ బరువైన సూచనే అన్నిటికంటే తేలిగ్గా మోసం చేస్తుంది. ఇడిటిఎ ట్యూబులో రక్తం గంటల తరబడి నిలిచి, ఆ తర్వాత స్మియర్ వేస్తే ఆరోగ్యవంతుడి న్యూట్రోఫిల్స్‌లోనూ గుంతలు పడతాయి. గుర్తుపట్టడం ఎలాగంటే, పాతబడిన రక్తంలో మోనోసైట్లకీ గుంతలు ఉంటాయి, కొన్ని కణాల కేంద్రకాలు నున్నగా గుండ్రంగా ముద్దకట్టి ఉంటాయి, సైటోప్లాజం అంచులు చెదిరి ఉంటాయి. పక్కన గ్రాన్యులేషన్, లెఫ్ట్ షిఫ్ట్ లేకుండా ఒట్టి వాక్యూయోల్సే ఉంటే ముందు ట్యూబు మీద సమయం చూడండి. మన కేసులో రక్తం తీసిన 40 నిమిషాలకే స్మియర్ వేశారు. అనుమానం ఉంటే మళ్లీ రక్తం తీయించి వెంటనే స్మియర్ వేయడం ఒక్కటే దారి.

రంగు విషయం కూడా అంతే. లీష్మన్ స్టెయిన్ ఎక్కువసేపు ఉంచినా, బఫర్ సరిగా లేకపోయినా రేణువులన్నీ ముతకగా కనిపిస్తాయి. అదే ట్రేలో స్టెయిన్ చేసిన ఇంకో రోగి స్లైడ్ పక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది. రెండింటిలోనూ ఉంటే తప్పు స్టెయిన్‌ది. నిజమైన టాక్సిక్ గ్రాన్యులేషన్ ఒకే స్లైడ్‌లో కణానికీ కణానికీ హెచ్చుతగ్గులుగా ఉంటుంది.

ఇంకో రెండు మారువేషాలు క్లుప్తంగా. ఒంట్లో ఏ బాధా లేని మనిషికి న్యూట్రోఫిల్స్ దాదాపు అన్నీ కళ్లజోడులా రెండు గుండ్రటి తమ్మెలతో, గట్టిగా ముద్దకట్టిన క్రోమాటిన్‌తో ఉంటే అది పెల్గర్ హుయెట్, పుట్టుకతో వచ్చింది. దాన్ని 60 శాతం బ్యాండ్లు అని రాస్తే ఆ మనిషికి అనవసరంగా యాంటీబయాటిక్స్ పడతాయి. రెండోది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. అక్కడ కౌంట్ చాలా ఎక్కువ, అన్ని దశల కణాలూ ఉంటాయి, మైలోసైట్లు ప్రత్యేకంగా పోగుపడతాయి, బేసోఫిల్స్ పెరుగుతాయి. టాక్సిక్ మార్పులు సాధారణంగా కనిపించవు.

మన రోగి దగ్గరకి వద్దాం. ల్యాబ్ నుంచి వెళ్లిన వ్యాఖ్య ఇలా ఉంది: 'టోటల్ కౌంట్ మామూలు పరిధిలో ఉంది. తీవ్రమైన లెఫ్ట్ షిఫ్ట్, ముదరని కణాలు ముదిరినవాటి కంటే ఎక్కువ. టాక్సిక్ గ్రాన్యులేషన్, డోలే బాడీలు, వాక్యూయోల్స్ ఉన్నాయి. తీవ్ర బాక్టీరియా ఇన్ఫెక్షన్‌ని వెంటనే పరిశీలించగలరు. వార్డుకి ఫోన్‌లో తెలియజేశాం.' బ్లడ్ కల్చర్ తీసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, అల్ట్రాసౌండ్ చేస్తే మూత్రనాళంలో రాయి అడ్డుపడి కుడి కిడ్నీ ఉబ్బి ఉంది. గొట్టం వేసి చీము బయటికి తీశారు. కల్చర్‌లో ఈ.కోలై పెరిగింది.

మర్నాడు పొద్దున కౌంట్ 3,400కి పడింది. నాలుగో రోజు 19,800. సెగ్మెంటెడ్ 74, బ్యాండ్లు 11, మెటామైలోసైట్లు 3, లింఫోసైట్లు 8, మోనోసైట్లు 4. కౌంట్ ఒక్కటే చూసినవాళ్లకి ఇన్ఫెక్షన్ ముదిరినట్టు అనిపించి యాంటీబయాటిక్ మార్చాలనిపిస్తుంది. స్మియర్‌లో చూస్తే వాక్యూయోల్స్ పోయాయి, మైలోసైట్లు లేవు, ముదిరిన కణాలే ఎక్కువ. మూలుగ ఖర్చుని దాటి ఉత్పత్తి చేయడం మొదలుపెట్టిందన్నమాట. బీపీ నిలబడింది, జ్వరం తగ్గింది, అదీ దీనితో సరిపోతోంది. టాక్సిక్ గ్రాన్యులేషన్ మాత్రం ఇంకా ఉంది. ఒత్తిడి రోజుల్లో మూలుగలో తయారైన కణాలు ఇప్పుడు బయటికి వస్తున్నాయి కాబట్టి అది ఇంకొన్నాళ్లు కనిపిస్తుంది. దాన్ని చూసి మందు మార్చాల్సిన పని లేదు.