పదో రోజున ఓటీపీ

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఐదు అక్కడే అయిపోతాయి. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం, తప్పుగా అనుకోకండి.

నాకిచ్చిన అంశం చిన్న టీమ్‌లలో బస్ ఫ్యాక్టర్. ఎంతమంది ఉన్నట్టుండి రాకుండా పోతే పని ఆగిపోతుందో, ఆ అంకెనే అలా అంటారు. 1994లోనే పైథాన్ వాడేవాళ్లలో ఒకాయన, దాన్ని తయారుచేసిన గైడో వాన్ రోసమ్‌ని బస్సు గుద్దితే మన సంగతేమిటని అడిగాడు. గైడోకి ఏమీ కాలేదు. 2018లో తనంతట తానే పెద్దరికం వదులుకున్నాడు, తర్వాత ఐదుగురి కమిటీ వచ్చింది. మనకు బస్సు దాకా ఎందుకండీ. పెళ్లి, కాన్పు, డెంగీ జ్వరం చాలు.

మాది నలుగురం ఉండే టీమ్. మందుల హోల్‌సేల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఒక్కో షాపుకి ఒక్కో సబ్‌డొమైన్. అన్నిటికీ కలిపి ఒకే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్, లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లది, 90 రోజులు పనిచేస్తుంది. వైల్డ్‌కార్డ్ కావాలంటే డొమైన్ మనదేనని డీఎన్‌ఎస్‌లో ఒక రికార్డు పెట్టి చూపించాలి. మొదటిసారి హడావిడిలో ఆ పని చేత్తో చేశాను. పది నిమిషాల పనే కదా అని ప్రతి రెండు నెలలకూ అలాగే చేస్తూ వచ్చాను. "నువ్వు లేకపోతే ఇక్కడ ఏదీ నడవదు" అనేవాళ్లు ఆఫీసులో. నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు ఫిల్టర్ కాఫీలా ఉండేది.

మా నాన్నగారు పోయారు. పదో రోజు కృష్ణ ఒడ్డున ఉన్నాం. తడి పంచెతో, చేతిలో పిండం పెట్టుకుని కూర్చున్నాను. ఘాట్ మెట్ల మీద మా టీమ్ కుర్రాడు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఏడుపు ఒక్కటే తక్కువ వాడికి. పొద్దున్నే సర్టిఫికెట్ గడువు అయిపోయింది, ఏ షాపులోనూ బిల్లు రావడం లేదు. "అన్నా, ఓటీపీ" అన్నాడు. ఫోను మా బావ జేబులో ఉంది. పంతులుగారు మంత్రం ఆపి, "చూసి చెప్పేయండి నాయనా" అన్నారు. మొదటి ఓటీపీ వాడు కంగారులో తప్పు కొట్టాడు. రెండోది చదివాను. తర్వాత `_acme-challenge` అని రికార్డు పెట్టాలని, అది వచ్చిందో లేదో చూసుకున్నాకే ఎంటర్ నొక్కాలని పిండం చేతిలో పెట్టుకునే చెప్పాను. మా అమ్మ ఆ రోజు నాతో మాట్లాడలేదు.

ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ కుర్రాడు నా మీద కోపంతో రాలేదు, మా యజమాని చెడ్డవాడు కాదు. చాలా రోజులు నేను కూడా, వాడికి పని నేర్పలేదు కాబట్టే ఇలా అయిందనుకున్నాను. కాదు. వాడికి సర్వర్ పాస్‌వర్డ్ తెలుసు. కమాండ్ వెతికి పట్టుకున్నాడు కూడా. కానీ రెండు నెలలకోసారి మోగే రిమైండర్ నా ఫోన్‌లో ఉంది, డీఎన్‌ఎస్ ఖాతా ఓటీపీ నా సిమ్‌కి వస్తుంది. అంటే ప్రతి పనికీ మూడు ప్రశ్నలున్నాయి. చేయడం ఎవరికి వచ్చు? చేయాలని ఎవరికి గుర్తొస్తుంది? తాళం ఎవరి దగ్గరుంది? ఈ మూడింటిలో ఏది చిన్న అంకో అదే ఆ పని బస్ ఫ్యాక్టర్. ముగ్గురికి నేర్పి తాళం ఒక్కడి దగ్గర ఉంచితే అది ఒకటే, మూడు కాదు.

ఇక్కడ చిన్న టీమ్‌ల వాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్క నిమిషం ఆలోచించండి. మీ డొమైన్ ఖాతా ఓటీపీ ఏ నంబరుకి వస్తుంది? ఆ మనిషి ఇంకా మీ దగ్గరే పనిచేస్తున్నాడా? నవ్వుతున్నారు, సరే.

మేం ఏం చేశామంటే, ముందు కాగితం మీద పట్టిక గీశాం. అందులో పనుల పేర్లు బుర్రతో ఆలోచించి రాయలేదు. ఎవరైనా సెలవులో ఉండగా వాళ్లకి ఎందుకు ఫోన్ చేయాల్సి వచ్చిందో, ఆ కాల్స్ మూడు నెలలవి గుర్తుచేసుకుని రాశాం. పద్నాలుగు పనులు తేలాయి. కొందరు `git shortlog -sn HEAD -- billing/` కొట్టి ఆ ఫోల్డర్‌లో ఎవరి కమిట్లు ఎన్నో లెక్కేస్తారు. తప్పు లేదు, కానీ ఆ లెక్కలో సర్టిఫికెట్ కనబడదు, బ్యాంకు టోకెన్ కనబడదు.

తాళాల సంగతి ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. సిమ్ ఓటీపీ తీసేసి ఆథెంటికేటర్ యాప్ పెట్టాం. సెటప్ అప్పుడు వచ్చే క్యూఆర్‌ని రెండు ఫోన్లతో స్కాన్ చేస్తే రెండింట్లోనూ ఒకే కోడ్ వస్తుంది. రికవరీ కోడ్లు ప్రింట్ తీసి కవర్లో సీల్ చేసి యజమాని బీరువాలో పెట్టాం. రిమైండర్‌ని మనిషి ఫోన్ నుంచి తీసి సర్వర్‌కి అప్పగించాం. ఇంకో కంపెనీ డీఎన్‌ఎస్‌కి మారాక రెన్యూవల్ దానంతటదే అవుతోంది. అయినా ప్రతి రోజూ ఇది నడుస్తుంది, గడువు 20 రోజుల్లోపు ఉంటే మా గ్రూపులో మెసేజ్ పడుతుంది:

```
echo | openssl s_client -connect example.in:443 \
  -servername example.in 2>/dev/null |
  openssl x509 -noout -enddate
```

డిస్కు మీదున్న ఫైలు తేదీ చూస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. కొత్త ఫైలు వచ్చినా వెబ్ సర్వర్‌ని రీలోడ్ చేయకపోతే బయటికి పాతదే వెళ్తుంది. బయటి నుంచి చూడాలి.

నేర్పడమే కష్టమైంది. బ్యాకప్ నుంచి డేటాబేస్ తిరిగి తేవడం ఎలాగో నేనే రెండు పేజీలు రాసి, మా టీమ్‌లో ఒకమ్మాయికి ఇచ్చాను. గురువారం మధ్యాహ్నం రెండు గంటలు ఇందుకే కేటాయించాం. రూలు ఒకటే, నేను పక్కన కూర్చోవాలి, కీబోర్డు ముట్టుకోకూడదు. నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయింది. అక్కడ నేను రాసింది "తర్వాత మామూలుగా రన్ చేయాలి" అని. మామూలుగా అంటే ఏంటండీ అని అడిగింది. చెప్పాను, చేసింది, వరసగా ఎర్ర అక్షరాలు. ఫలానా రోల్ లేదని పోస్ట్‌గ్రెస్ గోల. `pg_dump` తీసే బ్యాకప్‌లో యూజర్లు, రోల్స్ ఉండవు. వాటికి `pg_dumpall --globals-only` అని వేరే తీయాలి. నేను ప్రతిసారీ ఆ రోల్స్ చేత్తో పెట్టేసుకుంటున్నాను. అలా చేస్తున్నానన్న సంగతి నాకే తెలియదు! రెండేళ్లుగా మా బ్యాకప్‌లో సగం నా వేళ్లలో ఉందన్నమాట.

అప్పటి నుంచి కాగితం నేర్చుకునేవాళ్లే రాస్తున్నారు. తెలిసినవాడు రాస్తే తనకు తెలియకుండా చేసేవి రాయడు. వాళ్లు రాసిన కాగితంతో మూడో మనిషి చేయగలిగితేనే పట్టికలో టిక్కు. మూడు నెలలు ఆ పని మళ్లీ చేయకపోతే టిక్కు తీసేస్తాం.

తర్వాత పరీక్ష. నాకు వారం సెలవు, ఫోన్ యజమాని టేబుల్ సొరుగులో. రెండో రోజే రెండు పనుల దగ్గర ఆగిపోయారు. కానీ నా ఇంటికి ఎవరూ రాలేదు. ఇంకోటి, పట్టికలో రెండు టిక్కులున్న పనికి ఆ ఇద్దరూ సంక్రాంతికి ఒకే జిల్లా వెళ్తారని జనవరిలోగానీ తట్టలేదు. ఇప్పుడు సెలవుల కాగితం పట్టిక పక్కనే అంటించి ఉంటుంది.

పద్నాలుగు పనుల్లో పదమూడు కుదిరాయి. ఒకటి మిగిలింది, పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ల బిల్లు ఫార్మాట్. ఆ కోడ్ నేను రాసిందే, నాకే భయం. దాన్ని రెండో మనిషికి నేర్పడానికి నాలుగు గురువారాలు పడతాయి, వాడే షాపులు మూడే. అందుకని నేర్పడం లేదు. మార్చి నెలాఖరుకి ఆ మూడు షాపులకీ మా ఖర్చుతోనే కొత్త ప్రింటర్లు పెట్టి, ఆ ఫోల్డర్ తీసేస్తున్నాం.